టిఫిన్ బండి ఖాతా మేం కట్టేశాం

మొన్న శనివారం మా అమ్మాయి సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించే పని మీద అమీర్‌పేట వెళ్ళాను. మెట్రో దిగి మైత్రీవనం వైపు నడుస్తుంటే ఓ సందు మొదట్లో పాత జిరాక్స్ షాపు కనిపించింది. మిషన్ లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితాల కట్ట చేతిలో పెట్టాడు కుర్రాడు. వెచ్చగా ఉంది. ఆ వేడి కాగితం వాసన, కాస్త ఇంకూ కాస్త కాలినట్టూ కలిసి ఉండే ఆ వాసన ముక్కుకి తగలగానే ఇరవై ఏళ్ళ కిందటి ఉదయాలన్నీ ఒక్కసారి వచ్చి పక్కన నిలబడ్డట్టయింది. రెజ్యూమెలు ఇరవై కాపీలు తీయించుకుని, నలిగిపోకుండా ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టుకుని, నలుగురం ఇదే సందులోంచి బస్సు కోసం పరుగెత్తేవాళ్ళం.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఆ నలుగురిలో ఒకడైన మాస్టారు దగ్గర్నుంచి మెసేజ్.

"జాబ్ వచ్చింది రా. సోమవారం జాయినింగ్."

అంతే రాశాడు. తొమ్మిది నెలలుగా ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాం. నలభై ఆరేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల చదువులు నడుస్తుండగా, ఉన్న ఉద్యోగం ఒక మధ్యాహ్నం మీటింగులో పోయింది. ఆ తర్వాత ఎన్ని ఇంటర్వ్యూలు, ఎన్ని 'మళ్ళీ చెప్తాం'లు. షాపు మెట్ల మీద నిలబడిపోయి గబగబా టైపు చెయ్యడం మొదలుపెట్టాను. రాసింది ఒకసారి చదువుకుని ఆగిపోయాను. పంపలేదు. నేను రాసింది ఇది:

"మాస్టారూ!!! మొత్తానికి సాధించావు. ఈ తొమ్మిది నెలలు నువ్వు పడ్డ కష్టం పగవాడికి కూడా రాకూడదు. నేను చెప్పాను కదా వస్తుందని. ఏ కంపెనీ? ప్యాకేజ్ పర్లేదా? పిల్లల ఫీజుల టెన్షన్ తీరింది. పార్టీ ఎప్పుడు?"

ఇందులో ప్రతి మాటా ప్రేమతో రాసిందే. కానీ ఇందులో చాలా మాటలు ఒకప్పుడు ఎవరినో ఒకరిని నొప్పించాయని నాకు తెలుసు. కొన్ని నన్ను నొప్పించాయి కూడా. అందుకే ఆగాను.

* * *

ఇలాంటి కబురు గురించి నాకున్న మొదటి జ్ఞాపకం ఫోన్లు లేని రోజులది. మా బాబాయి విజయవాడలో ఒక స్నేహితుడితో కలిసి గదిలో ఉండి బ్యాంకు పరీక్షలు రాసేవాడు. పరీక్ష అయ్యాక డబ్బుల్లేక ఊరొచ్చేసి పొలం పనులు చూసుకుంటున్నాడు. ఒక రోజు ఎండవేళ పోస్టుమ్యాన్ సైకిలు మా వాకిట్లో ఆగి "టెలిగ్రాం" అన్నాడు. అప్పట్లో టెలిగ్రాం అంటే చావు కబురే. మా నానమ్మ విప్పకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది, ఎవరు పోయారో తెలియకుండానే. పక్కింటివాళ్ళు కూడా వచ్చేశారు. పోస్టుమ్యానే విప్పి చదివాడు. ఇంగ్లీషు అక్షరాల్లో రెండే రెండు తెలుగు మాటలు.

"చొక్కా నీదే."

కింద ఆ స్నేహితుడి పేరు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "చొక్కా ఏంట్రా, చొక్కా కోసం తంతి కొడతారా ఎవరైనా" అని నానమ్మ. బాబాయి మాత్రం ఆ కాగితం పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. తర్వాత చెప్పాడు. వాళ్ళిద్దరికీ కలిపి ఇంటర్వ్యూలకి వేసుకునే మంచి చొక్కా ఒకటే ఉండేదట, లేత నీలం రంగుది. ఇద్దరూ సగం సగం డబ్బులు వేసుకుని కుట్టించుకున్నది. ఎవరికి ముందు ఉద్యోగం వస్తే చొక్కా వాళ్ళది అని ఒప్పందం. పేపర్లో రిజల్ట్స్ పడితే బాబాయి నంబరు చూసి ఆ స్నేహితుడు పోస్టాఫీసుకి పరుగెత్తాడు. అతని నంబరు ఆ పేపర్లో లేదు.

టెలిగ్రాంకి మాటల లెక్కన డబ్బులు. శుభాకాంక్షలకైతే ముందే రాసిపెట్టిన ఇంగ్లీషు వాక్యాలు ఉండేవి, ఒక్కోదానికి ఒక నంబరు. మనం నంబరు రాసిస్తే చాలు, అవతలి పోస్టాఫీసులో ఆ నంబరుకి సరిపోయే వాక్యం మొత్తం రాసి పంపేవాళ్ళు. పెళ్ళిళ్ళకి, పాస్ అయినందుకు, పిల్లలు పుట్టినందుకు అందరూ అవే పంపేవాళ్ళు. ఆ స్నేహితుడు కూడా ఆ నంబరు రాసి ఊరుకోవచ్చు. పెద్ద ఇంగ్లీషు వాక్యం వచ్చి ఉండేది, పోస్టుమ్యాన్ అర్థం చెప్పేవాడు, నానమ్మ ఏడుపు ఆపేది. కానీ బాబాయి అరుగు మీద అలా కూలబడేవాడు కాదు. ఆ కాగితం చాలా ఏళ్ళు ఆయన ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య ఉండేది. 2013 జూలైలో టెలిగ్రాం సర్వీసు ఆపేశారని టీవీలో చెప్పిన రాత్రి బాబాయి అది బయటికి తీసి మాకు మళ్ళీ చూపించాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. ఆ రెండు మాటలు మాత్రం కనిపిస్తున్నాయి.

* * *

మేం నలుగురం ఉన్న గది ఎస్.ఆర్. నగర్‌లో, మూడో అంతస్తు మీద వేసిన రేకుల గది. పొద్దున అయిదింటికి బల్కంపేట ఎల్లమ్మ గుడి వైపు నుంచి మైకు వినిపించేది. కింద వీధిలో టిఫిన్ బండి, దాని పెనం మీద నీళ్ళు చల్లినప్పుడు వచ్చే సుయ్యిమనే చప్పుడు మాకు అలారం. బండి ఆవిడ ఒక నోట్‌బుక్కులో మా ఖాతా రాసేది. పేర్లు కాదు, గుర్తులు. నన్ను 'కళ్ళజోడు' అని రాసుకుంది. మాస్టారిని 'పొడుగబ్బాయి'.

మాస్టారంటే మాస్టారేం కాదు, మాకంటే రెండేళ్ళు పెద్ద. ఖమ్మం వైపు పల్లెటూరు. వాళ్ళ నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. కోచింగ్ సెంటర్లో జావా క్లాసుకి డబ్బులు కట్టింది మాస్టారు ఒక్కడే. రాత్రి గదికొచ్చి, ఆ రోజు విన్నది మొత్తం గోడకి ఆనించిన అట్టముక్క మీద సుద్దతో రాసి మా ముగ్గురికీ చెప్పేవాడు. అందుకే ఆ పేరు.

గది మొత్తానికి ఒకటే ఫోన్, నోకియా 1100. అందరికీ ఇచ్చిన నంబరు అదే. గీకే రీఛార్జి కార్డు వంతులవారీగా కొనేవాళ్ళం. మెసేజికి ఒక రూపాయి. తెరమీద పై మూల 160 అని అంకె కనిపించేది, ఒక్కో అక్షరం నొక్కుతుంటే అది తగ్గుతూ వచ్చేది. సున్నా దాటితే రెండో మెసేజి కింద లెక్క, ఇంకో రూపాయి. ఆ రూపాయికి బండి దగ్గర ఒక ఇడ్లీ వచ్చేది, అందుకే దాటనిచ్చేవాళ్ళం కాదు.

అక్షరాలు కూడా ఊరికే వచ్చేవి కావు. కంగ్రాట్స్ అని ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది అక్షరాలు. వాటికి మీటలు పద్దెనిమిది సార్లు నొక్కాలి. సి కోసం రెండో మీట మూడుసార్లు. ఓ కోసం ఆరో మీట మూడుసార్లు. ఆ తర్వాత వచ్చే ఎన్ కూడా ఆ ఆరో మీట మీదే కాబట్టి ఒక క్షణం ఆగాలి, తెరమీద గీత ముందుకి జరిగాక మళ్ళీ రెండుసార్లు నొక్కాలి. తొందరపడితే ఓ కాస్తా ఎమ్మో ఎన్నో అయిపోయేది. చివరి ఎస్‌కి ఏడో మీట నాలుగుసార్లు. సంతోషంతో చేతులు వణుకుతున్నప్పుడు ఆ ఆరో మీట దగ్గర ఆగడం ఎంత కష్టమో అప్పటివాళ్ళకే తెలుసు.

మా నలుగురిలో ముందు ఉద్యోగం వచ్చింది నాకు. నేర్పించిన మాస్టారికి రాలేదు, అట్ట ముందు కూర్చుని నేర్చుకున్న నాకు వచ్చింది. ఆఖరి రౌండు అయ్యి ఆ కంపెనీ మెట్లు దిగగానే ఎస్‌టీడీ బూత్ నుంచి గది ఫోనుకి చేశాను. ఎవరూ ఎత్తలేదు, మాస్టారు స్నానానికి వెళ్ళాడట. ఆ రోజు సాయంత్రం గదిలో కబురు పెట్టి నేను ఊరికి వెళ్ళాను, మా ఊళ్ళో అన్నయ్య ఫోనుకి మెసేజి వచ్చింది. నెల రోజులుగా నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. రెండింటికీ మూడింటికీ లేచి రేకుల గది బయట పిట్టగోడ మీద కూర్చునేవాణ్ణి. మాస్టారు కూడా లేచొచ్చి ఏమీ అడక్కుండా పక్కన కూర్చునేవాడు. ఆయన పంపిన మెసేజి ఇది:

"హమ్మయ్య. ఇక నిద్రపో."

కంగ్రాట్స్ అని కూడా లేదు. తన సంగతి ఒక్క ముక్క లేదు. అప్పటికి ఆయనకి పదకొండు ఇంటర్వ్యూలు పోయాయి. ఆ రాత్రి నిజంగానే నిద్రపోయాను, పొద్దున పదింటిదాకా.

* * *

అయిదు నెలల తర్వాత ఆయన వంతు వచ్చింది. ఇంటర్వ్యూ బెంగళూరులో. గది ఫోన్ ఆయనకే ఇచ్చి పంపాం. అప్పటికి నేను సెకండ్ హ్యాండ్ ఫోను ఒకటి కొనుక్కున్నాను. మధ్యాహ్నం "సెలెక్ట్ అయ్యాను" అని మెసేజి వచ్చింది. ఫోన్ చేద్దామంటే ఆయన రోమింగ్‌లో ఉన్నాడు, ఎత్తితే ఆయన బ్యాలెన్సే పోతుంది. అందులో ఎంతుందో మాకు తెలుసు. కాబట్టి ఆ సంతోషం మొత్తం మెసేజిలోనే పట్టాలి.

ముగ్గురం మంచం మీద కూర్చున్నాం. నేను టైపు, మిగతా ఇద్దరూ చెప్పడం. ఒకడు "నువ్వు లేకపోతే మేం లేం అని రాయి" అన్నాడు. ఇంకొకడు పదకొండు సార్లు పోయినా వదల్లేదు కదా, ఆ మాట రాయాల్సిందే అన్నాడు. నేను మా ఆఫీసులో అందరికీ చెప్పానని రాస్తున్నాను. అంకె సున్నాకి వచ్చేసింది, ఇంకా సగం కూడా చెప్పలేదు. చెరపడం మొదలుపెట్టాం. ముందు నా ఆఫీసు మాట తీసేశాను, అది ఆయనకెందుకు. పదకొండు సార్లు పోయిన సంగతి ఆయనకి మేం గుర్తుచెయ్యాలా అని అది చెప్పినవాడే తీసెయ్యమన్నాడు. నువ్వు లేకపోతే మేం లేం అన్నది నిజమే, కానీ అది ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట, వచ్చాక చెప్పొచ్చు అనుకున్నాం.

అప్పుడు ఆయనకి ఈ క్షణంలో ఏం కావాలి అని ఆలోచిస్తే రెండే తట్టాయి. ఒకటి వాళ్ళ నాన్నగారు. ఇంట్లో ఫోన్ లేదు, ఎదురింటి కిరాణా కొట్టు నంబరుకి చేస్తే పిలుచుకొస్తారు, ఆ కొట్టు ఎనిమిదింటికి కట్టేస్తారు. ఆయన సంతోషంలో మాతో మెసేజీలు నడుపుతూ కూర్చుంటే కొట్టు మూసేస్తారు. రెండోది టిఫిన్ బండి. మూడు నెలల ఖాతా పేరుకుపోయి, ఆవిడ ఎదురుపడకుండా మాస్టారు పక్క సందులోంచి తిరిగి వెళ్ళేవాడు. నాలుగు వందల చిల్లర. ముగ్గురం జేబులు దులిపి కిందికి దిగి ఆ డబ్బు కట్టేశాం. ఆవిడ నోట్‌బుక్ తీసి 'పొడుగబ్బాయి' మీద అడ్డంగా గీత కొట్టింది. మెట్లెక్కి వచ్చాక మెసేజి పూర్తి చేశాను.

"కంగ్రాట్స్ మాస్టారూ. ముందు మీ నాన్నగారికి చెప్పు. టిఫిన్ బండి ఖాతా మేం కట్టేశాం."

నూట అరవైలో సగం దగ్గరే ఆగిపోయింది. జవాబు రాలేదు, కొట్టుకి ఫోన్ చేసుకుంటున్నాడని అర్థమైంది. మర్నాడు పొద్దున బస్సు దిగి గదికి రాకుండా నేరుగా బండి దగ్గరికి వెళ్ళి, నిలబడి, అందరి ముందూ, రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాడట. ఆవిడే మాకు చెప్పింది.

* * *

అన్నీ ఇలా కుదిరాయని కాదు. నావల్ల జరిగిన తప్పు ఒకటి చెప్పాలి. మా జూనియర్ ఒకడికి ఒక కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. నాకు చెప్పాడు. నేను వాడికి మెసేజి పెట్టి ఊరుకోలేదు, అప్పటికి మెసేజి ప్యాకులు వచ్చేశాయి, చవక, నా ఫోన్లో ఉన్న మా బ్యాచ్ వాళ్ళందరికీ 'ఫలానావాడికి జాబ్ వచ్చింది' అని పంపేశాను. ఒక్క గంటలో నలభై మంది వాడికి కంగ్రాట్స్ చెప్పారు. వాడు కూడా మురిసిపోయాడు. ఆ తర్వాత మార్కెట్ పడిపోయింది. జాయినింగ్ తేదీ ఒక నెల జరిపారు, తర్వాత మూడు నెలలు, ఆ తర్వాత ఇక ఉత్తరాలే లేవు.

ఆ నలభై మందీ మంచివాళ్ళే. కనిపించినప్పుడల్లా "జాయిన్ అయ్యావా?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక వాడు సంక్రాంతికి ఊరికి వెళ్ళడం మానేశాడు. హాస్టల్లో ఒక్కడే ఉన్నాడు పండగ మూడు రోజులూ. నేను వెళ్ళి కలిస్తే ఒక్క మాటన్నాడు: "అన్నా, నువ్వొక్కడివే కంగ్రాట్స్ చెప్పి ఉంటే నీకొక్కడికే జవాబు చెప్పుకునేవాణ్ణి." తర్వాత ఏడాదికి వాడికి మంచి ఉద్యోగమే వచ్చింది, ఇప్పుడు బాగున్నాడు. ఆ మాట మాత్రం నాకు పోలేదు.

అప్పట్నుంచి ఆఫర్ వచ్చింది అని చెప్తే ఒకలా, జాయినింగ్ ఫలానా రోజు అని చెప్తే ఒకలా రాస్తాను. ఆఫర్ దగ్గర ఉన్నవాళ్ళకి "చాలా సంతోషం, నా దగ్గరే ఉంచుతాను" అని. ఆ రెండో ముక్క చదివాక చాలామంది హమ్మయ్య అనుకోవడం చూశాను. పాత ఆఫీసులో ఇంకా రిజైన్ చెయ్యనివాళ్ళకైతే కొత్త కంపెనీ పేరు మెసేజిలో అసలు రాయను. ఫోన్ టేబుల్ మీద ఉంటుంది, మొదటి లైను తాళం తియ్యకుండానే పైన కనిపిస్తుంది, పక్కన ఎవరు కూర్చుంటారో మనకి తెలీదు. మా బంధువు ఒకమ్మాయికి ఇలాగే జరిగింది. మీటింగులో తన ల్యాప్‌టాప్ తెర అందరికీ చూపిస్తున్నప్పుడు ఎవరో ప్రేమగా పెట్టిన మెసేజి మూల నుంచి పైకి లేచిందట, కొత్త కంపెనీ పేరుతో సహా.

* * *

మాస్టారు రెండో ఉద్యోగానికి మారినప్పటి సంగతి ఒకటి. అప్పటికి వాళ్ళ నాన్నగారు రిటైరై, తెలుగు అక్షరాలుండే చిన్న ఫోన్ కొనుక్కున్నారు. జీవితమంతా తెలుగు చెప్పిన మనిషి, కొడుక్కి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయనని పట్టుదల. మీటలు వెతుక్కుంటూ ఎంతసేపు రాశారో ఏమో, ఒక రోజు మాస్టారి ఫోనుకి మెసేజి వచ్చింది. మాస్టారి ఫోన్లో తెలుగు లేదు. తెరమీద అన్నీ డబ్బాలు. తొమ్మిది డబ్బాలు, ఒక ఖాళీ, మళ్ళీ అయిదు డబ్బాలు.

మాస్టారు నాకు చూపించాడు. తిరిగి ఫోన్ చేసి ఏం రాశారని నాన్నగారిని అడగడానికి ఆయనకి మనసు రాలేదు, చదవలేకపోయానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటారని. చెరపకుండా అలాగే ఉంచుకున్నాడు. కొన్ని వారాల తర్వాత మా ఆఫీసులో ఒకతని దగ్గర తెలుగు వచ్చే ఫోన్ ఉంటే, మాస్టారి సిమ్ తీసి అందులో వేశాం. మెసేజి సిమ్‌లోనే దాచి ఉంది కాబట్టి డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి.

"అభినందనలు నాయనా"

అభినందనలు అంటే కంటికి ఆరు అక్షరాలే. కానీ ఫోన్ లెక్కలో గుడులూ కొమ్ములూ సున్నలూ అన్నీ విడివిడి, అందుకే తొమ్మిది. నాయనాలో మూడు, ఫోను లెక్కకి అయిదు. ఇంగ్లీషులో ఒక మెసేజిలో నూట అరవై అక్షరాలు పడితే, తెలుగులో ఒక్కోదానికి ఎక్కువ చోటు కావాలి కాబట్టి డెబ్భై దగ్గరే నిండిపోయేది. ఆ డెబ్భైలో ఆయన వాడుకుంది పదిహేను. ఏ కంపెనీ అని లేదు, జీతం ఎంత అని లేదు. మాస్టారు ఆ ఫోన్ పట్టుకుని చాలాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నాన్నగారు పోయి ఇప్పటికి ఆరేళ్ళు.

* * *

షాపు మెట్ల మీద నిలబడి నేను రాసింది మళ్ళీ చదివాను.

'మొత్తానికి సాధించావు' అన్నది ముందు తీసేశాను. నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు ఒక పెద్దాయన "మొత్తానికి వచ్చిందన్నమాట" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాటలో ఆలస్యం లెక్క ఉంది, ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాం అనే అర్థం ఉంది. ఎట్టకేలకు, ఇప్పటికైనా, ఎలాగైతేనేం, ఇవన్నీ ఆ కోవవే. నోటితో నవ్వుతూ అంటే ఆ నవ్వు ఆదుకుంటుంది, మెసేజిలో నవ్వు వినిపించదు. తొమ్మిది నెలలు ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ మాట వేరేలా తగులుతుంది.

తొమ్మిది నెలల కష్టం గురించిన వాక్యం తీసేశాను. ఆ నెలలు ఎలా గడిచాయో నాకంటే ఆయనకే బాగా తెలుసు. 'నేను చెప్పాను కదా' అన్నది నా గురించి, అది పోయింది. ఏ కంపెనీ, ప్యాకేజ్ ఎంత అన్నవి ప్రశ్నలు. అడిగితే జవాబు రాయాలి. ఈ వయసులో ఉద్యోగం పోయి దొరికినప్పుడు జీతం ఒక్కోసారి మునుపటికంటే తక్కువే ఉంటుంది, ఆ సంగతి ఇవాళే నాకు రాయాల్సిన అవసరం ఆయనకేముంది. ఫీజుల మాట కూడా అంతే. ఆ ఫీజులు కట్టడానికి ఏం తాకట్టు పెట్టాడో నాకు తెలుసని ఆయనకి తెలుసు, మళ్ళీ ఎత్తడం ఎందుకు.

పార్టీ ఎప్పుడు అన్నది చెరపడానికి వేలు కాసేపు ఆడలేదు. మన దగ్గర అది లేకుండా కంగ్రాట్స్ ఉండదు కదా, అడక్కపోతే ముక్తసరిగా ఉన్నట్టుంటుంది. కానీ నా మొదటి నెల జీతంలో మూడు నెలల గది అద్దె, అన్నయ్య దగ్గర తీసుకున్నది, బండి ఖాతా పోగా చేతిలో మిగిలిందెంతో నాకు గుర్తుంది. ఆ డబ్బు పెట్టుకుని, పార్టీ అడిగిన పదిమందికి ఏం చెప్పాలో తెలీక ఫోన్ కట్టేసుకుని పడుకున్నాను ఒక ఆదివారమంతా. అది కూడా తీసేశాను.

ఇక మిగిలింది 'మాస్టారూ' ఒక్కటే. మూడు ఆశ్చర్యార్థకాలు కూడా తగ్గించి ఒకటి ఉంచాను.

ఖాళీ తెర చూస్తూ నిలబడితే చొక్కా నీదే అన్నది గుర్తొచ్చింది, నిద్రపో అన్నది గుర్తొచ్చింది. వాటిలో దేన్నో తిరిగి రాద్దామనిపించింది కానీ అవి అప్పటివి, ఆ రాత్రులవి. ఇప్పుడు నా చేతిలో వెచ్చటి జిరాక్స్ కాగితాలున్నాయి. మిగతా సంతోషమంతా గొంతుతోనే చెప్పాలనిపించింది. ఇప్పుడు రోమింగ్ లేదు, ఎంతసేపైనా మాట్లాడొచ్చు. కానీ ఇంటినిండా మనుషులుంటారు, అందరూ ఫోన్లు చేస్తుంటారు, ఆయన భార్యతో తీరిగ్గా కూర్చోవాల్సిన సాయంత్రం ఇది. అందుకని టైము కూడా రాశాను, నేను చేసేదాకా నా ఫోన్ గురించి ఆలోచించనక్కర్లేకుండా.

"మాస్టారూ! చాలా చాలా సంతోషం. మన జిరాక్స్ షాపు మెట్ల మీద నిలబడి చదివాను నీ మెసేజ్. రేపు పొద్దున పదింటికి ఫోన్ చేస్తాను."

పంపాను. ఇంతలోనే మా పాత బ్యాచ్ గ్రూపులో ఎవరో ఈ విషయం పెట్టారు, ఆయనే చెప్పి ఉంటాడు. చప్పట్ల బొమ్మలు, పూలగుత్తులు వరసగా పడుతున్నాయి. నేను అందులో ఏమీ పెట్టలేదు.

కాగితాలకి డబ్బులిచ్చి రెండడుగులు వేశానో లేదో ఆయన జవాబు వచ్చింది.

"ఆ షాపు ఇంకా ఉందా? ఫోటో పెట్టరా."

వెనక్కి తిరిగి రోడ్డు దాటి అవతలి వైపుకి వెళ్ళాను, బోర్డు మొత్తం పడాలని. మధ్యలో ఆటోలు అడ్డమొస్తున్నాయి. అవి కదిలేదాకా నిలబడి తీశాను.